నీళ్లు కలిపితే బఫర్ పీహెచ్ ఎందుకు కదిలింది?

ప్రశ్న: ల్యాబ్‌లో ఎసిటిక్ ఆమ్లం, సోడియం ఎసిటేట్ ఒక్కొక్కటి 0.1 మోలార్ ఉండేలా బఫర్ చేశాం. దాన్ని పదేసి రెట్లు పలుచన చేస్తూ పీహెచ్ చూశాం. వరుసగా 4.65, 4.71, 4.76, 4.87 వచ్చాయి. ఐదోది 5.2కీ 5.3కీ మధ్య ఊగుతూ నిలబడనే లేదు. ఆమ్లం, లవణం నిష్పత్తి మారదు కాబట్టి హెండర్సన్-హాసెల్‌బాల్క్ సూత్రం ప్రకారం అన్నిటికీ 4.76 రావాలి కదా? నీళ్లు బాగాలేవని కొందరు, మీటరు పాడైందని కొందరు అంటున్నారు. సూత్రం రాబట్టడంలోనే ఎక్కడైనా తేడా ఉందా?
— బీఎస్సీ రెండో సంవత్సరం విద్యార్థిని, కడప

సమాధానం:

మీ మీటరు బాగానే ఉంది. మొదటి నాలుగు అంకెలూ రావాల్సినట్టే వచ్చాయి. ఐదోది ఊగడానికి వేరే కారణాలున్నాయి, వాటి దగ్గరికి చివర్లో వద్దాం. నాలుగింటిలో సూత్రానికి అచ్చంగా సరిపోయింది 4.76 ఒక్కటే. విచిత్రం ఏమిటంటే అది సరిపోవడమే కాకతాళీయం. ఇది అర్థం కావాలంటే సూత్రాన్ని మొదటి నుంచి రాబట్టి, ఏ మెట్టు దగ్గర ఏం ఒప్పుకుంటున్నామో చూడాలి.

ఆమ్లాన్ని HA అనుకుందాం. అది నీళ్లలో H⁺, A⁻ గా విడిపోతుంది. సమతాస్థితిలో దాని వియోజన స్థిరాంకం ఇది:

Ka = [H⁺][A⁻] / [HA]

ఇందులో [H⁺] ని ఒక పక్కకు తెస్తే

[H⁺] = Ka × [HA] / [A⁻]

1908లో హెండర్సన్ రాసింది ఈ రూపమే. మరుసటి ఏడాది సోరెన్‌సెన్ పీహెచ్ కొలమానం తెచ్చాక, హాసెల్‌బాల్క్ రెండు వైపులా సంవర్గమానం తీసుకుని గుర్తు మార్చాడు. గుర్తు మారడంతో భిన్నం తలకిందులైంది:

pH = pKa + log([A⁻] / [HA])

ఇంతవరకూ చేసింది బీజగణితం మాత్రమే. ఎక్కడా ఏదీ వదిలేయలేదు, చిన్నదని కొట్టేయలేదు. కాబట్టి ఆమ్లం 1 మోలార్ ఉన్నా, కోటోవంతు మోలార్ ఉన్నా ఈ సమీకరణం తప్పదు. అయాన్ల క్రియాశీలత, అంటే మీ క్లాసులో ఆక్టివిటీ అంటున్నది, ఒక్కటే ఇందులో లెక్కలోకి రాలేదు. దాని సంగతి కాసేపట్లో చూద్దాం.

చిక్కంతా తరువాతి అడుగులో ఉంది. ఆ అడుగును చాలా నోట్సుల్లో అసలు అడుగుగానే రాయరు. [HA], [A⁻] అంటే విడిపోవడాలూ కలవడాలూ అయిపోయి, సమతాస్థితిలో మిగిలిన గాఢతలు. అవి మీకు తెలియవు. మీకు తెలిసింది సీసాలో మీరు వేసిన ఆమ్లం, వేసిన లవణం. వాటిని Ca, Cb అందాం. లెక్క చేసేటప్పుడు చప్పుడు లేకుండా [HA] ఉన్నచోట Ca, [A⁻] ఉన్నచోట Cb పెట్టేస్తాం:

pH ≈ pKa + log(Cb / Ca)

పై దానిలో సమాన చిహ్నం ఉంది, దీనిలో లేదు. పలుచన చేస్తే పీహెచ్ మారదని చెప్పేది ఈ రెండోదే. మీరు అనుమానించాల్సింది కూడా దీన్నే.

వేసిన దానికీ మిగిలిన దానికీ తేడా ఎంతో కనుక్కోవడానికి రెండు పద్దులు చాలు. మొదటిది అణువుల పద్దు. ఎసిటేట్ ఏ రూపంలో ఉన్నా మొత్తం మారదు కాబట్టి [HA] + [A⁻] = Ca + Cb. రెండోది విద్యుదావేశాల పద్దు. ద్రావణంలో ధనావేశం, రుణావేశం సమానంగా ఉండాలి. ధనావేశం సోడియంది, H⁺ ది. రుణావేశం ఎసిటేట్‌ది, OH⁻ ది. సోడియం అంతా లవణం నుంచే వచ్చింది కాబట్టి దాని గాఢత Cb. అంటే

Cb + [H⁺] = [A⁻] + [OH⁻]

దీని నుంచి [A⁻] దొరుకుతుంది. దాన్ని మొదటి పద్దులో పెడితే [HA] కూడా వస్తుంది:

[A⁻] = Cb + [H⁺] − [OH⁻]
[HA] = Ca − [H⁺] + [OH⁻]

ఈ రెండు వరుసలూ నోట్సులో పెద్దక్షరాలతో రాసుకోండి. ఆమ్లం కాస్త విడిపోయి H⁺ ఇచ్చింది కాబట్టి HA ఆ మేరకు తగ్గింది, A⁻ ఆ మేరకు పెరిగింది. ఇంతకు మించి ఇందులో లోతైన విషయమేమీ లేదు. అసలు సూత్రంలో వీటిని పెడితే ఖచ్చితమైన రూపం వస్తుంది:

[H⁺] = Ka × (Ca − [H⁺] + [OH⁻]) / (Cb + [H⁺] − [OH⁻])

మామూలు సూత్రం ఎప్పుడు పనిచేస్తుందో ఇప్పుడు చూడగానే తెలుస్తుంది. Ca, Cb ల పక్కన [H⁺], [OH⁻] ల తేడా కనిపించనంత చిన్నగా ఉన్నప్పుడు పనిచేస్తుంది. ఆ తేడా కనిపించడం మొదలైతే తప్పుతుంది. ‘తక్కువ గాఢత’ అంటే ఇన్ని మోల్స్ అని గీత గీయలేం. ఆ ద్రావణంలోని H⁺ కో OH⁻ కో పోల్చి తక్కువ అని అర్థం.

హెండర్సన్ చూస్తున్నది రక్తం. అందులో బైకార్బనేట్ దాదాపు 0.024 మోలార్, కరిగిన కార్బన్ డయాక్సైడ్ 0.0012 మోలార్, H⁺ మాత్రం 4 × 10⁻⁸ మోలార్. చిన్నదైన కార్బన్ డయాక్సైడ్ కూడా H⁺ కంటే ముప్పై వేల రెట్లు ఎక్కువ. అక్కడ Ca ని [HA] స్థానంలో పెడితే ఎవరికీ నష్టం లేదు. మీ ఎసిటేట్ బఫర్లో H⁺ దాదాపు 1.75 × 10⁻⁵. రక్తంలో కంటే నాలుగు వందల రెట్లకు పైనే. కాబట్టి ఇక్కడ అంత ధీమా పనికిరాదు.

ఇప్పుడు మీ అంకెలకు వద్దాం. 25 డిగ్రీల దగ్గర ఎసిటిక్ ఆమ్లం Ka ని 1.75 × 10⁻⁵ గా తీసుకుంటాను, pKa 4.757. పీహెచ్ 5 చుట్టుపక్కల OH⁻ దాదాపు 10⁻⁹ ఉంటుంది కాబట్టి దాన్ని నిశ్చింతగా వదిలేయొచ్చు. అప్పుడు ఖచ్చితమైన రూపం మామూలు వర్గ సమీకరణంగా మారుతుంది:

[H⁺]² + (Cb + Ka)[H⁺] − Ka·Ca = 0

మీ నాలుగో సీసాలో Ca, Cb రెండూ 10⁻⁴. పెట్టి చూడండి. Cb + Ka = 1.175 × 10⁻⁴, Ka·Ca = 1.75 × 10⁻⁹. మొదటిదాని వర్గం 1.3806 × 10⁻⁸. దానికి రెండోదానికి నాలుగు రెట్లు, అంటే 0.7 × 10⁻⁸ కలిపితే 2.0806 × 10⁻⁸. దాని వర్గమూలం 1.4424 × 10⁻⁴. అందులోంచి 1.175 × 10⁻⁴ తీసేసి సగం చేస్తే [H⁺] = 1.337 × 10⁻⁵ వస్తుంది. పీహెచ్ 4.87. మీ మీటరు చూపించిందీ అదే.

లెక్క సరిపోయిందో లేదో వెనక్కి వెళ్లి చూసుకోవడం మంచిది. మిగిలిన HA = 10⁻⁴ − 1.337 × 10⁻⁵ = 8.663 × 10⁻⁵. ఎసిటేట్ = 11.337 × 10⁻⁵. నిష్పత్తి ఒకటి కాదు, 1.309. దాని సంవర్గమానం 0.117. 4.757 కి కలిపితే 4.874. అంటే సమతాస్థితి గాఢతలు పెడితే అసలు సూత్రం ఇక్కడ కూడా నిక్షేపంగా పనిచేసింది. తప్పింది ‘నిష్పత్తి మారదు’ అన్న మన ఊహ. నీళ్లు కలిపే కొద్దీ ఆమ్లం ఇంకా ఇంకా విడిపోతుంది, నిష్పత్తి ఎసిటేట్ వైపు జరుగుతుంది, దాంతోపాటు పీహెచ్ పైకి పోతుంది.

ఐదో సీసాలో ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. అక్కడ మీరు వేసిన ఆమ్లం 10⁻⁵ మోలార్. మామూలు సూత్రమేమో H⁺ 1.75 × 10⁻⁵ ఉందంటుంది. ఉన్న ఆమ్లమంతా విడిపోయినా అన్ని H⁺ రావు! సూత్రం చేతులెత్తేసిందని తెలుసుకోవడానికి ఇంతకంటే సులువైన గుర్తు లేదు. జవాబు రాగానే దాన్ని [H⁺] గా మార్చి Ca పక్కన పెట్టి చూడండి. Ca కంటే పెద్దదైతే ఆ జవాబు అసాధ్యం. Ca లో పదో వంతుకు వచ్చినా నమ్మకండి. వర్గ సమీకరణంతో చేస్తే [H⁺] = 5.33 × 10⁻⁶, పీహెచ్ 5.27. వేసిన ఆమ్లంలో సగానికి పైగా విడిపోయింది.

వర్గ సమీకరణం ఇష్టం లేనివాళ్లు క్యాలిక్యులేటర్‌తో మళ్లీ మళ్లీ పెట్టి చూసే పద్ధతి వాడుతుంటారు. మామూలు సూత్రం ఇచ్చిన [H⁺] ని ఖచ్చితమైన రూపంలో కుడివైపు పెట్టి కొత్త విలువ తీసుకోవడం, దాన్ని మళ్లీ పెట్టడం. నాలుగో సీసాకు ఇది చక్కగా నడుస్తుంది. 1.75 తో మొదలుపెడితే 1.23, 1.37, 1.33, 1.34 అని (అన్నీ 10⁻⁵ తో) నాలుగైదు మెట్లలో స్థిరపడుతుంది. ఐదో సీసాకు మాత్రం మొదటి మెట్టులోనే Ca − [H⁺] రుణసంఖ్య అయిపోతుంది, గాఢత సున్నా కంటే కిందికి పోతుంది. అక్కడ ఈ పద్ధతిని పట్టుకుని వేలాడకుండా వర్గ సమీకరణానికి వెళ్లండి.

ఇక మొదటి రెండు సీసాలు. ఇదే లెక్క 0.1 మోలార్‌కు చేస్తే 4.757, 0.01 కి 4.758, 0.001 కి 4.772 వస్తాయి. అంటే ఆమ్లం విడిపోవడం వల్ల వచ్చే తేడా మొదటి రెండింటిలో లేనట్టే. మరి 4.65, 4.71 ఎందుకొచ్చాయి?

ఇందాక వాయిదా వేసిన క్రియాశీలత పని ఇక్కడ మొదలవుతుంది. 0.1 మోలార్ సోడియం ఎసిటేట్ అంటే అయాన్లు కిక్కిరిసి ఉన్న ద్రావణం. ప్రతి ఎసిటేట్ అయాను చుట్టూ సోడియం అయాన్లు కొంచెం ఎక్కువగా చేరి దాని ప్రభావాన్ని తగ్గిస్తాయి. సమతాస్థితి చూసేది అయాన్ల లెక్కను కాదు, వాటి క్రియాశీలతను. గాజు ఎలక్ట్రోడ్ కూడా H⁺ క్రియాశీలతనే చూపిస్తుంది. అందుకని సూత్రంలో [A⁻] ని γ అనే క్రియాశీలత గుణకంతో గుణించి γ[A⁻] పెట్టాలి. ఆవేశం లేని HA కి γ దాదాపు ఒకటే. అప్పుడు

pH = pKa + log([A⁻] / [HA]) + log γ

ఈ గాఢతల్లో γ ఒకటి కంటే తక్కువ కాబట్టి చివరి పదం రుణాత్మకం, పీహెచ్‌ని కిందికి లాగుతుంది. డేవీస్ సమీకరణంతో అంచనా వేస్తే 0.1 మోలార్ దగ్గర log γ దాదాపు −0.107, 0.01 దగ్గర −0.045, 0.001 దగ్గర −0.015. మొదటి సీసాకు 4.757 − 0.107 = 4.65. రెండోదానికి 4.758 − 0.045 = 4.71. మీ రీడింగులే.

మూడో సీసా దగ్గర ఏం జరిగిందో ఇప్పుడు మీరే చెప్పగలరు. ఆమ్లం విడిపోవడం వల్ల పీహెచ్ 0.015 పైకి పోవాలి. క్రియాశీలత వల్ల 0.015 కిందికి రావాలి. రెండూ కొట్టుకుపోయాయి, 4.76 మిగిలింది. సూత్రం నిజమని కాదు, రెండు తప్పులు ఎదురెదురుగా నిలబడ్డాయని. ఎసిటేట్‌కు ఇది 0.001 దగ్గర జరిగింది. వేరే ఆమ్లానికి ఇంకెక్కడో జరుగుతుంది, అసలు జరగకపోనూ వచ్చు. రికార్డులో ‘0.001 మోలార్ దగ్గర సూత్రం బాగా పనిచేసింది’ అని మాత్రం రాయకండి. వైవాలో దొరికిపోతారు.

మీ గ్రాఫ్‌లో నీళ్లు కలిపే కొద్దీ పీహెచ్ మొదటి నుంచీ పెరుగుతూనే పోయింది కాబట్టి అంతటికీ ఒకటే కారణం అనిపిస్తుంది. అది నిజం కాదు. 0.1 నుంచి 0.01 వరకు పెరిగింది అయాన్ల రద్దీ తగ్గినందుకు. 0.001 తరువాత పెరిగింది ముఖ్యంగా ఆమ్లం విడిపోయినందుకు. మొదటిదానికి వర్గ సమీకరణం ఎంత జాగ్రత్తగా చేసినా లాభం లేదు. రెండోదానికి γ పట్టిక వెతికినా లాభం లేదు.

ఎంతవరకు మామూలు సూత్రాన్ని నమ్మొచ్చో చిన్న లెక్కతో తేల్చుకోవచ్చు. ఆమ్లం, లవణం సమానంగా ఉన్నప్పుడు వచ్చే తేడా సుమారుగా 0.87 × [H⁺] / C. ఇక్కడ C అంటే ఒక్కొక్కదాని గాఢత. 0.02 కంటే ఎక్కువ తేడా వద్దనుకుంటే C, [H⁺] కంటే కనీసం నలభై మూడు రెట్లు ఉండాలి. ఎసిటేట్‌కు ఇది 7.5 × 10⁻⁴ మోలార్ దగ్గర తేలుతుంది. మీరు దిగిన నాలుగో మెట్టు ఈ గీతకు బాగా కిందనుంది. ఆమ్లం, లవణం సమానంగా లేకపోతే రెండింటిలో చిన్నదాన్ని [H⁺] తో పోల్చండి.

కొంచెం బలమైన ఆమ్లమైతే ఈ గీత ఎంత పైకి పోతుందో కూడా చూడండి. ఫాస్ఫారిక్ ఆమ్లం మొదటి Ka 7.1 × 10⁻³. దాన్నీ సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్‌నూ ఒక్కొక్కటి 0.01 మోలార్ కలిపితే మామూలు సూత్రం 2.15 అంటుంది. వర్గ సమీకరణం 2.46 అంటుంది. 0.01 మోలార్‌ను ల్యాబ్‌లో ఎవరూ పలుచని ద్రావణం అనరు. ఈ ఆమ్లానికి మాత్రం అది పలుచనే.

సరే, ఐదో సీసా ఎందుకు ఊగింది? ఇక్కడికి వచ్చేసరికి బయటి నుంచి చేరే మలినం బఫర్‌తో సమానంగానో ఎక్కువగానో ఉంటుంది. మొదట అనుమానించాల్సింది ఎలక్ట్రోడ్‌కు అంటుకున్న పాత ద్రావణం. మీటరును సరిచూసే 4.00 బఫర్ సాధారణంగా 0.05 మోలార్ పొటాషియం హైడ్రోజన్ థాలేట్. దానిది ఒక్క చుక్క, 0.05 మిల్లీలీటరు, ఎలక్ట్రోడ్‌కు అంటుకుని మీ 50 మిల్లీలీటర్ల బీకరులో పడిందనుకోండి. అందులో థాలేట్ గాఢత 5 × 10⁻⁵ అవుతుంది. మీ ఎసిటేట్, ఎసిటిక్ ఆమ్లం రెండూ కలిపి 2 × 10⁻⁵ మాత్రమే. ఇక మీరు కొలుస్తున్నది ఎసిటేట్ బఫర్‌నా, థాలేట్‌నా? మొదటి సీసాలో అదే చుక్క పడినా ఆనవాలు దొరకదు. అందుకని ఈ కొలతల్లో పలుచని ద్రావణం నుంచి గాఢమైనదాని వైపు వెళ్లాలి. మీరు దానికి తిరగబడి వెళ్లారు. కొలిచే ముందు ఎలక్ట్రోడ్‌ను స్వేదనజలంతో బాగా కడిగి, కొలవబోయే ద్రావణంతోనే రెండుసార్లు కడిగి పారబోసి, మూడోసారి కొత్తగా పోసిన దానిలో చదవండి.

ఊగడానికి ఎలక్ట్రోడ్ కూడా కొంత కారణం. గాజు ఎలక్ట్రోడ్ పక్కనుండే రిఫరెన్స్ నుంచి పొటాషియం క్లోరైడ్ సన్నగా కారుతూ విద్యుత్ మార్గాన్ని పూర్తి చేస్తుంది. ద్రావణంలో అయాన్లు బాగా తక్కువైతే ఆ సంధి దగ్గరి వోల్టేజి స్థిరంగా ఉండదు. కలియబెడితే ఒకటి, ఆపితే ఒకటి చూపిస్తుంది. నెమ్మదిగా కలియబెట్టి, ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగి చదవడం ఒక దారి. కొందరు రీడింగు నిలబడడానికి కొంచెం పొటాషియం క్లోరైడ్ వేస్తారు. నిలబడుతుంది కానీ అయాన్ల రద్దీ పెరిగి γ మారుతుంది. అది లెక్కలో పెట్టకపోతే మీరు కొత్త తేడాను కొనితెచ్చుకున్నట్టే.

నీళ్ల మీద అనుమానపడినవాళ్లది పూర్తిగా తప్పని కూడా అనలేను. మన వైపు స్వేదనజలం అయిపోతే ల్యాబుల్లో ప్లాంటు నుంచి తెచ్చిన మినరల్ వాటర్ డబ్బా వాడేయడం చూస్తుంటాం. ఆ నీళ్లలో లీటరుకు 30 మిల్లీగ్రాముల బైకార్బనేట్ ఉందనుకుందాం. అది దాదాపు 5 × 10⁻⁴ మోలార్. నాలుగో సీసాలో ఉన్న ఆమ్లం 10⁻⁴ మాత్రమే, అంటే బైకార్బనేట్ దానికి ఐదు రెట్లు. ఆమ్లాన్ని అది మింగేసి పీహెచ్‌ని 6 దాటిస్తుంది. మీకు 4.87 వచ్చింది కాబట్టి మీరు ఆ పని చేయలేదని తెలుస్తోంది. బోరు నీళ్లయితే చెప్పనే అక్కర్లేదు.

మే నెల ఎండ మీదికి నెట్టేయడానికి మాత్రం వీల్లేదు. ఎసిటిక్ ఆమ్లం pKa ఉష్ణోగ్రతకు పెద్దగా కదలదు. 25 డిగ్రీల దగ్గర 4.76 ఉన్నది 40 డిగ్రీల దగ్గర కూడా 4.77 దగ్గరే ఉంటుంది. మారేది ఎలక్ట్రోడ్ వాలు. 25 డిగ్రీల దగ్గర ఒక పీహెచ్‌కు 59.2 మిల్లీవోల్టులైతే, 40 దగ్గర 62.1. మీటరులో ఉష్ణోగ్రత సరిగ్గా పెట్టుకుంటే ఆ గొడవ తీరుతుంది.

మీరు ఆరో మెట్టు దిగలేదు, మంచిదే. 10⁻⁶ మోలార్ దగ్గర OH⁻ ని కూడా వదిలేయకుండా లెక్కిస్తే 6.04 రావాలి. కానీ బీకరు గాలికి తెరిచి ఉంటే నీళ్లలో దాదాపు 1.4 × 10⁻⁵ మోలార్ కార్బన్ డయాక్సైడ్ కరుగుతుంది. అది మీ ఎసిటిక్ ఆమ్లానికి పద్నాలుగు రెట్లు. ఆవేశాల పద్దులో బైకార్బనేట్‌ను కూడా చేర్చి లెక్కిస్తే 5.5 దగ్గర తేలుతుంది. మీరు ఎసిటేట్ వేయకుండా ఉత్త స్వేదనజలాన్ని గాలిలో పెట్టినా 5.6 చూపిస్తుంది. ఐదో సీసాకు ఇదే లెక్క చేస్తే 5.27 కాస్తా 5.23 అవుతుంది. మీ రీడింగు 5.2, 5.3 ల మధ్య తిరగడంలో ఆశ్చర్యం లేదు. ద్రావణం కలపడానికి ముందు స్వేదనజలాన్ని పది నిమిషాలు మరిగించి, మూతపెట్టి చల్లార్చితే కరిగిన వాయువు చాలావరకు పోతుంది.

ఇక్కడ ఇంకో సంగతి విడదీసి చూడాలి, ఎందుకంటే ఈ రెండింటినీ పరీక్షల్లో చాలామంది కలిపేస్తారు. సూత్రం తప్పడం వేరు, బఫర్ చేతగానిదైపోవడం వేరు. ఫాస్ఫేట్ బఫర్ తీసుకోండి. డైహైడ్రోజన్ ఫాస్ఫేట్, మోనోహైడ్రోజన్ ఫాస్ఫేట్ ఒక్కొక్కటి 10⁻⁵ మోలార్. రెండో Ka 6.2 × 10⁻⁸, కాబట్టి సూత్రం పీహెచ్ 7.21 అంటుంది. అక్కడ [H⁺] 6.2 × 10⁻⁸, [OH⁻] 1.6 × 10⁻⁷. వాటి తేడా 10⁻⁷, అంటే గాఢతలో నూరోవంతు. పీహెచ్‌లో వచ్చే తప్పు 0.01 కూడా ఉండదు. ఇక్కడ తేడా గుర్తు కూడా తిరగబడుతుంది. OH⁻ ఎక్కువ కాబట్టి A⁻ కొంచెం తగ్గుతుంది, HA కొంచెం పెరుగుతుంది, పీహెచ్ కిందికి జరుగుతుంది.

కాగితం మీద సూత్రం ఇంత బాగా పనిచేసిన ఆ ద్రావణాన్నే బీకరులో పోసి గాలికి వదిలేయండి. కార్బన్ డయాక్సైడ్ కరిగి పీహెచ్‌ని 6.2 దగ్గరికి దించేస్తుంది. ఒక యూనిట్ పోయింది. సూత్రం అబద్ధం చెప్పలేదు, మూసిన సీసాకు అది ఇప్పటికీ నిజమే. ఆమ్లాన్ని తట్టుకోవడానికి ఉన్న మోనోహైడ్రోజన్ ఫాస్ఫేట్ 10⁻⁵ మోలార్ మాత్రమే, గాలి అంతకంటే ఎక్కువ ఆమ్లాన్ని తెచ్చి పోసింది. ఎసిటేట్‌కు గాఢత తగ్గితే ముందు సూత్రం పడుతుంది. ఫాస్ఫేట్‌కు సూత్రం నిలబడే ఉంటుంది, బఫర్ పడిపోతుంది.

మన అనంతపురం వైపు నీళ్లలో ఫ్లోరైడ్ కొలిచేవాళ్లు నమూనాలో కలిపే ద్రావణం గుర్తుందా? అది దాదాపు 1 మోలార్ ఎసిటేట్ బఫర్, అందులో ఉప్పు, లోహాలను పట్టి ఉంచే ఒక పదార్థం ఉంటాయి. నీళ్లు, బఫర్ సగం సగం. ఆ బోరు నీళ్లలో బైకార్బనేట్ 6 × 10⁻³ మోలార్ ఉన్నా, అర మోలార్ ఎసిటేట్ ముందు అది పీహెచ్‌ని 0.01, 0.02 కంటే కదల్చలేదు. డబ్బు ఆదా అని అదే బఫర్‌ను వంద రెట్లు పలుచన చేసి కలిపితే బైకార్బనేట్‌దే పైచేయి అవుతుంది. ఇంకో విషయం, ఆ ద్రావణం పీహెచ్‌ని (5.0 నుంచి 5.5 మధ్య) సూత్రంతో లెక్కగట్టి వదిలేయరు. మీటరు చూస్తూ సోడియం హైడ్రాక్సైడ్‌తో సరిచేస్తారు. అంత ఉప్పులో γ ఎంతో డేవీస్ సమీకరణం కూడా నమ్మకంగా చెప్పలేదు.

రికార్డులో ఏం రాయాలంటే, ఐదు రీడింగుల పక్కన మూడు నిలువు వరుసలు గీయండి. మొదటిదానిలో మామూలు సూత్రం విలువ, రెండోదానిలో వర్గ సమీకరణం విలువ, మూడోదానిలో దానికి log γ కూడా కలిపిన విలువ. పలుచని సీసాల్లో γ ని వర్గ సమీకరణంలోని Ka కి కూడా ఖచ్చితంగా అన్వయించాలి కానీ, 10⁻⁴ దగ్గర అది 0.003 మించదు కాబట్టి నేరుగా కలిపేసినా మీటరుకు తెలియదు. ఐదోదాన్ని ‘5.2 – 5.3, స్థిరపడలేదు’ అనే రాయండి, సగటు తీసి 5.25 అని రాయొద్దు. ప్రయోగం మళ్లీ చేసే వీలుంటే లీటరుకు 13.61 గ్రాముల సోడియం ఎసిటేట్ ట్రైహైడ్రేట్, 5.7 మిల్లీలీటర్ల గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం వేసి మొదటి సీసా చేసుకోండి. మరిగించి చల్లార్చిన నీళ్లతో పదేసి మిల్లీలీటర్లు తీసి వందకు నింపుకుంటూ రండి. కొలవడం మాత్రం ఐదో సీసా నుంచి మొదలుపెట్టండి.